చిన్న సంఘంలో చాడీల మీద, అసూయ మీద వాక్యం చెప్పాలంటే: మిర్యాము కథ ఒక్కటే తీసుకుని ప్రసంగం తయారుచేసే పద్ధతి

నలభై యాభై కుటుంబాలున్న సంఘంలో ఈ అంశం మీద మాట్లాడటం అంత సులువు కాదు. పెద్ద పట్టణంలో ఏడెనిమిది వందల మంది కూర్చునే చోట "కొంతమంది ఇలా ఉంటారు" అంటే ఎవరూ పట్టించుకోరు. అదే మాట చిత్తూరు, పలమనేరు, పుత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఒక చిన్న మందిరంలో అంటే తలలన్నీ ఒకే బెంచీ వైపు తిరుగుతాయి. సగం మంది ఒకరికొకరు బంధువులు, మిగతా సగం ఇరుగుపొరుగు, ఎవరింట్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఇది కాపరులకే కాదు, అప్పుడప్పుడు వాక్యం చెప్పే సంఘ పెద్దలకు, స్త్రీల కూడికలో మాట్లాడే అక్కలకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

మామూలుగా ఏం చేస్తారంటే యాకోబు 3వ అధ్యాయంలోని నాలుక, సామెతలు 26:20లోని కట్టెలు లేని అగ్ని, ఇంకో పది వచనాలు గుదిగుచ్చి చెప్తారు. అందరూ తలూపుతారు, ప్రతి ఒక్కరూ పక్కింటామెనే తలచుకుంటారు. వచనం వింటే మనం న్యాయాధిపతి కుర్చీలో కూర్చుంటాం. కథ వింటే మాత్రం, అది బాగా చెప్తే, ఎవరో ఒకరి పాత్రలోకి దిగక తప్పదు. అందుకే ఒక్క కథ చాలు, సంఖ్యాకాండము 12వ అధ్యాయం. మొత్తం 16 వచనాలు, నిదానంగా చదివినా మూడు నిమిషాలు.

1. ముందు, ఇప్పుడు చెప్పాలా వద్దా అని చూసుకోండి

సంఘంలో గొడవ వేడిగా ఉన్నప్పుడు ఈ ప్రసంగం వద్దు. పోయిన బుధవారం ఇద్దరు ఆడవాళ్ళు గట్టిగా అరుచుకున్నారు, ఈ ఆదివారం మీరు చాడీల మీద చెప్తున్నారంటే అది వాక్యం కింద లెక్కకు రాదు, మైకులో పంచాయతీ కింద వస్తుంది. కనీసం నెల రోజులు ఆగండి.

ఇంకో పరీక్ష ఉంది. ప్రసంగం అనుకోగానే మీ మనసులో ఒక పేరు మెదులుతోందా? మెదిలితే ముందు ఆ మనిషి ఇంటికి వెళ్ళి మాట్లాడండి, మత్తయి 18:15 చెప్పేది అదే, తప్పు చేసినవాడితో ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమని. ముఖం మీద చెప్పే ధైర్యం లేక మైకులో చెప్పడం కూడా ఒక రకం చాడీయే, కాకపోతే వినేవాళ్ళు ఎక్కువ. వెళ్ళి మాట్లాడాక ఆ మనిషి మీద కోపం తగ్గితే అప్పుడు ప్రసంగం రాయడం మొదలుపెట్టండి. తగ్గకపోతే వేరే అంశం తీసుకోండి.

మూడో సంగతి చాలామంది ఒప్పుకోరు కానీ చెప్పక తప్పదు. సంఘంలో అప్పుడు నడుస్తున్న గుసగుస కాపరి గురించే అయితే, కాపరి స్వయంగా ఈ అధ్యాయం ఎత్తుకోకూడదు. "నేను మోషే, మీరు మిర్యాము" అన్నట్టే వినపడుతుంది, ఎంత వినయంగా చెప్పినా అంతే. అలాంటప్పుడు మొదటి సమూయేలు 18లో సౌలు, దావీదుల కథ తీసుకోండి. అక్కడ అసూయపడింది పైనున్న రాజు, కాబట్టి ఆ అద్దంలో కాపరి ముఖం కూడా కనిపిస్తుంది.

2. కథలో రెండు మాటలు పట్టుకోండి

ప్రసంగం మొత్తం నిలబడేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు.

మొదటి వచనంలో మిర్యాము, అహరోను మోషేకు విరోధంగా మాట్లాడారు. కారణం ఏమిటట? అతను కూషు దేశపు స్త్రీని పెళ్ళి చేసుకున్నాడని. రెండో వచనంలో వాళ్ళ నోటి నుంచి వచ్చిన మాట చూడండి: యెహోవా మోషేచేత మాత్రమే పలికించాడా, మాచేత పలికించలేదా? ఈ రెండింటికీ సంబంధమేమిటి? పెళ్ళి గురించి మొదలైన మాట ఒక్క వచనంలో పదవి దగ్గరికి ఎలా వెళ్ళింది? మరదలి సంగతి పైకి చెప్పుకునే కారణం. లోపల మండుతున్నది తమ్ముడికి దక్కిన స్థానం.

చాడీకి, అసూయకు ఉన్న ముడి ఇదే. ఏ చాడీ అయినా తనకు తాను ఒక మర్యాదైన కారణం వెతుక్కుంటుంది. "నాకు కుళ్ళుగా ఉంది" అని ఎవరూ అనరు. "ఆమె వేరే ఊరిది కదా, మన పద్ధతులు తెలియవు పాపం" అంటారు. కాబట్టి మీ నోట్సులో రెండు గళ్ళు గీసుకోండి, ఒకదాంట్లో "పైకి చెప్పింది", రెండోదాంట్లో "లోపలున్నది". ప్రసంగంలో ఏ ఉదాహరణ వాడినా ఈ రెండు గళ్ళూ నిండాలి. రెండోది ఖాళీగా ఉంటే మీరు చాడీని తిడుతున్నారు గానీ దాని వేరు జోలికి పోలేదు.

తర్వాత మిర్యామును చెడ్డదానిగా నిలబెట్టకుండా చూసుకోండి. ఎవరీమె? నిర్గమకాండము 15:20లో ప్రవక్త్రి, సముద్రం దాటాక తంబుర పట్టుకుని ఆడవాళ్ళందరినీ పాటలో నడిపించిన మనిషి. నైలు ఒడ్డున జమ్ముపెట్టెలో ఉన్న పసివాణ్ణి దూరంగా నిలబడి కాచిన అక్క కూడా ఈమేనని మనం అనుకుంటాం. మీకా 6:4లో దేవుడు మోషే, అహరోను, మిర్యాము అని ముగ్గురి పేర్లూ కలిపి చెప్తాడు. అంటే సంఘం కోసం ఎంతో కష్టపడిన మనిషి, ఆ తమ్ముడు బతకడానికి కారణమైన మనిషి. అసూయ సోమరుల్లో కంటే ఇలా కష్టపడినవాళ్ళలోనే లోతుగా దిగుతుంది, ఎందుకంటే వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది: నేను ఇంత చేశాను, పేరు మాత్రం వాడికి.

ముందు అధ్యాయం కూడా చదువుకోండి. 11వ అధ్యాయంలో దేవుడు మోషే మీద ఉన్న ఆత్మలో కొంత డెబ్బై మంది పెద్దల మీద ఉంచుతాడు. పాళెంలోనే ఉండిపోయిన ఎల్దాదు, మేదాదు కూడా ప్రవచిస్తుంటే యెహోషువ ఆపమంటాడు, మోషే మాత్రం అందరూ ప్రవక్తలైతే బాగుండునంటాడు. ఆ తర్వాత వెంటనే మన కథ. కొత్తగా డెబ్బై మంది వచ్చేసరికి పాతవాళ్ళకు తమ చోటు ఇరుకైనట్టు అనిపించిందా? వాక్యంలో నేరుగా లేదు, కాబట్టి ఊహ అని చెప్పే చెప్పండి. కానీ సంఘంలో ఎన్నో ఏళ్ళుగా పాటలు ఎత్తుకుంటున్న అక్కకు, కొత్తగా కీబోర్డు నేర్చుకుని వచ్చిన పిల్ల కనిపించినప్పుడు ఏమవుతుందో వినేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

3. మన ఊరి అద్దం ఒకటి తయారుచేసుకోండి, అది రెండు నిమిషాలు దాటకూడదు

ప్రసంగానికి కథ ఒక్కటే, అది మిర్యాముది. కానీ మధ్యలో ఒకసారి ఆ కథను మన వీధిలోకి తేవాలి. దీనికి కల్పించిన సంఘటనే వాడండి, నిజంగా జరిగింది వద్దే వద్దు, పేరు మార్చినా వద్దు. "వేరే జిల్లాలో ఒక సంఘంలో" అని మొదలుపెడితే ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది.

ఒక నమూనా చూద్దాం. ఇద్దరు తోడికోడళ్ళు, ఒకే మందిరం. చిన్నామె కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. పెద్దామె కొడుకు డిప్లొమా పూర్తిచేసి రెండేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడు. బుధవారం గృహ ప్రార్థనలో "ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా" అని అడిగితే పెద్దామె అంటుంది, "మా మరిది కొడుకు కోసం ప్రార్థన చేయండమ్మా, ఆదివారం కూడా పనేనంట, బిడ్డ ఆరాధనకు పోతున్నాడో లేదో." అబద్ధం ఏమీ లేదు. కూడిక అయ్యాక గేటు దగ్గర ఒకామె ఇంకొకామెతో, "ఆ పిల్లోడు గుడికే పోడంట అక్కా, ఎవురికీ చెప్పాకు." శుక్రవారం ఉపవాస ప్రార్థన నాటికి అది "దేవుణ్ణే వదిలేసినాడంట, ఆడ ఎవురితోనో తిరగతాండాడంట" అయింది. నెల తిరక్కుండా పుంగనూరు వైపు నుంచి వచ్చిన సంబంధం వాళ్ళు మాట్లాడటం మానేశారు. ఎందుకో చిన్నామెకు ఇప్పటికీ తెలియదు.

గళ్ళు నింపండి. పైకి చెప్పింది: బిడ్డ ఆత్మీయ స్థితి మీద దిగులు. లోపలున్నది: నా కొడుకు ఖాళీగా కూర్చున్నాడు, ఆమె కొడుకు నెలనెలా డబ్బు పంపుతున్నాడు. పెద్దామెను రాక్షసిలా చూపించకండి. ఆమె బాధ నిజమైనది, కాకపోతే దాన్ని తప్పు దారిలో బయటికి పంపింది. "నా కొడుకు కోసం ప్రార్థన చేయండి" అనాల్సిన చోట మరిది కొడుకు పేరు చెప్పింది. ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగండి, అక్కడ కొందరు తల దించుకుంటారు.

శనివారం లోపల ఈ నమూనాను ఇంట్లోవాళ్ళకు చెప్పి "ఎవరు గుర్తొచ్చారు?" అని అడగండి. ఠక్కున ఒక పేరు చెప్తే మార్చాల్సిందే. మార్చేటప్పుడు రెండు గళ్ళ మధ్య సంబంధం అలాగే ఉంచి, పైనున్న వివరాలు తీసేయండి. ఉద్యోగం బదులు మామిడి తోట పెట్టుకోండి. ఇద్దరు అన్నదమ్ములు, తమ్ముడు తోతాపురి కాయ రేటు పడిపోక ముందే పల్ప్ ఫ్యాక్టరీకి తోలేశాడు, అన్న కాయ చెట్టు మీదే పండిపోయింది. అన్న మాత్రం "అంత డబ్బు వచ్చింది, దశమభాగం ఇచ్చినాడా వాడు?" అని అంటాడు. మాట దశమభాగం మీద, మంట తోట మీద. ఇలా మగవాళ్ళ ఉదాహరణ పెట్టడంలో ఇంకో లాభం కూడా ఉంది, అది కింద చెప్తాను.

4. ఈ అధ్యాయంలో జారిపడే చోట్లు

మాట్లాడింది ఇద్దరు, రోగం వచ్చింది మిర్యాముకే. దీన్ని పట్టుకుని "చూశారా, ఆడవాళ్ళ నోరు" అని జోకు వేసే ప్రసంగీకులను మనం విన్నాం. దయచేసి వద్దు. అహరోను కూడా మాట్లాడాడు, దేవుడు ఇద్దరినీ పిలిచి గద్దించాడు, "మేము పాపం చేశాం" అని అహరోనే ఒప్పుకున్నాడు (11వ వచనం). టీ కొట్టు దగ్గర, పాల డెయిరీ దగ్గర, బల్ల మీద కూర్చుని మగవాళ్ళు చెప్పుకునేవి చాడీలు కావా? అందుకే అద్దంలో అన్నదమ్ములు ఉంటే మంచిదన్నాను. మీ సంఘంలో ఆడవాళ్ళే ఎక్కువైతే ఇది మరీ ముఖ్యం, లేకపోతే వాళ్ళు మీరు మొదటి మాట అనకముందే ముఖం తిప్పుకుంటారు.

రెండోది కుష్ఠు. ఆ చర్మరోగం ఈ రోజు మనం కుష్ఠు అనే జబ్బు అని అనుకోవడానికి లేదు, ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేయండి. మన వైపు వేలూరు దగ్గర కరిగిరి ఆసుపత్రికి వెళ్ళి నయం చేయించుకున్న కుటుంబాలు ఉంటాయి, బొల్లి మచ్చలున్న పిల్లలు ముందు వరుసలో కూర్చుని ఉంటారు. కుష్ఠు మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు. "చాడీ చెప్తే దేవుడు రోగం పెడతాడు" అన్న మాట మీ నోట రాకూడదు. వచ్చిందంటే వచ్చే వారం ఎవరికైనా జ్వరం వస్తే "ఏం మాట్లాడిందో" అని కొత్త చాడీ పుడుతుంది, మీరే పుట్టించినట్టు అవుతుంది.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. ఈ అధ్యాయాన్ని, "అభిషేకించబడినవారిని ముట్టకూడదు" అన్న కీర్తన 105:15ను కలిపి, ప్రశ్న అడిగిన ప్రతివాణ్ణీ నోరు మూయించడానికి వాడతారు. కానుకల లెక్క అడగడం చాడీ కాదు. బిడ్డ మీద ఎవరో చెయ్యి వేశారని తల్లి చెప్పడం చాడీ కాదు, అది చెప్పాల్సిన మాట, చట్టానికి కూడా తెలియాల్సిన మాట. తేడా ఎలా చెప్పాలంటే, ఆ మాట సరిచేయగలిగినవాళ్ళ దగ్గరికి వెళ్తోందా, లేక సరిచేయలేని పదిమంది దగ్గరికా? మిర్యాము, అహరోను మోషేతో ఒక్కసారైనా నేరుగా మాట్లాడినట్టు మొదటి రెండు వచనాల్లో లేదు. ప్రసంగంలో ఈ సంగతికి మూడు నిమిషాలు పూర్తిగా ఇవ్వండి, ఎందుకంటే నిజమైన ఫిర్యాదు మనసులో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఆ రోజు కచ్చితంగా ఒకరైనా ఉంటారు.

5. చెప్పే వరుస

ఇరవై ఐదు నిమిషాలు అనుకుందాం. వాక్యం చదవడం మూడు, మిర్యాము ఎవరో చెప్పి రెండు మాటలు విప్పడం తొమ్మిది, మన ఊరి అద్దం రెండు, ఫిర్యాదుకు చాడీకి తేడా మూడు, మిగిలిన ఎనిమిది కథ చివరి సగానికి. చాలామంది ఈ చివరి సగాన్ని వదిలేసి శిక్ష దగ్గర ఆపేస్తారు.

అక్కడ ఏముందో చూడండి. తన మీద మాట్లాడిన అక్క కోసం మోషే మొర పెడతాడు, చాలా చిన్న ప్రార్థన, దేవా దయచేసి ఈమెను బాగుచేయుము అని. "ఇప్పుడు తెలిసిందా" అనడు. మూడో వచనంలో అతన్ని మిక్కిలి సాత్వికుడు అన్నారు కదా, ఆ మాటకు రుజువు ఇక్కడ దొరుకుతుంది. తర్వాత 15వ వచనం: ఆమె ఏడు దినాలు పాళెం వెలుపల ఉంది, ఆమెను మళ్ళీ చేర్చుకునేవరకు జనం ముందుకు సాగలేదు. అంతమంది జనం, పిల్లాజెల్లా, పశువులు, హజేరోతులో గుడారాలు వేసుకుని ఒక చాడీ చెప్పిన మనిషి కోసం ఆగారు. ఆమె వల్ల ప్రయాణం ఆగిందన్నది నిజమే, ఆమెను వదిలి పోలేదన్నది కూడా నిజమే. రెండూ చెప్పండి. చాడీ చెప్పినామె మళ్ళీ వచ్చి కూర్చునే చోటు ఈ సంఘంలో ఉందా అన్నది వాళ్ళనే ఆలోచించుకోనివ్వండి.

గొంతు గురించి ఒక మాట. శిక్ష వచనాల దగ్గర అరవకండి, కథ చెప్పేటప్పుడు ఏ బెంచీ వైపూ ఎక్కువసేపు చూడకండి. మీరు అనుకోకుండా చూసినా వాళ్ళు లెక్కపెడతారు.

6. చేయమని ఏం చెప్పాలి

రెండే చెప్పండి, అవి కూడా ఇంటికెళ్ళేలోపు చేయగలిగేవి.

మొదటిది, ఎవరైనా చెవిలో మాట వేస్తే అడగాల్సిన ప్రశ్న: "ఈ మాట ఆమెతోనే చెప్పినావా అక్కా?" కోపంగా కాదు, మామూలుగా. చెప్పలేదంటే "పద, ఇద్దరం పోయి చెప్దాం" అనాలి. సగం మాటలు అక్కడే ఆగిపోతాయి. దీన్ని మైకు ముందు ఒకసారి అని చూపించండి, ఏ స్వరంలో అనాలో తెలియకే చాలామంది అనరు.

రెండోది ప్రార్థన మనవుల పద్ధతి. ఎవరి గురించి మనవి చెప్తున్నామో వాళ్ళను ముందు అడగాలి. "ఫలానా అక్క వేలూరు ఆసుపత్రికి పోయింది, ప్రార్థన చేయండి" అని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఏం జబ్బు, ఏ వార్డు, ఎంత ఖర్చు అని పది ఫోన్లు, సాయంత్రానికి ఆమెకు లేని జబ్బు కూడా వచ్చేస్తుంది. అడిగి పెట్టండి, ఒద్దంటే పేరు లేకుండా ప్రార్థించండి. ఈ పద్ధతి కాపరి తనతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే చాలా సంఘాల్లో మనవులు బయటికి పోయేది ఆయన ఫోను నుంచే.

అసూయ గురించి పైకి చేయించే పని ఏదీ పెట్టకండి. అది ఒక్కరే కూర్చుని దేవునితో మాట్లాడుకునే సంగతి. "మీ దగ్గరున్నదాంట్లో నాకు ఫలానాది కావాలని ఉంది" అని తన మనసుకు తాను పేరు పెట్టి చెప్పుకోమనండి, చాలు. ముఖ్యంగా లేచి నిలబడి ఒప్పుకోమని పిలవొద్దు. ఆవేశంలో ఒకామె లేచి "అక్కా, నేను నీ గురించి ఇట్లా మాట్లాడినాను, క్షమించు" అంటుంది, అప్పటిదాకా ఆ అక్కకు ఆ మాట తెలియనే తెలియదు, ఇప్పుడు మందిరమంతా విన్నది. ఒప్పుకోవాలనుకుంటే ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళమనండి, ఇంకెవరూ లేనప్పుడు.

7. ఆదివారం తర్వాత

వాకిట్లో చేతులు కలిపేటప్పుడు ఎవరైనా వచ్చి "బాగా తగిలింది అయ్యగారూ వాళ్ళకి" అంటే ప్రసంగం గురి తప్పిందని అర్థం, ఆయన వినలేదు. "ఎవరికి తగిలింది?" అని నవ్వుతూ అడిగి ఊరుకోండి. ఎవరైనా మాట్లాడకుండా తొందరగా వెళ్ళిపోయారంటే మాత్రం గుర్తుపెట్టుకోండి. వాళ్ళకు నొచ్చి ఉండొచ్చు, లేదా వాళ్ళ గురించే అనుకున్నారేమో. ఆ వారంలోనే వాళ్ళ ఇంటికి వెళ్ళండి, భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్తే ఇంకా మంచిది. ప్రసంగం ప్రస్తావన మీరు తేవొద్దు. టీ తాగి, పిల్లల చదువు, ఆవుల సంగతి మాట్లాడి రండి. వాళ్ళే ఎత్తితే వినండి, "మిమ్మల్ని అనలేదు" అని ప్రమాణం చేయొద్దు, అది నిజమో కాదో వాళ్ళకు తేల్చుకునే దారి లేదు.

వరుసగా రెండు ఆదివారాలు రాకపోతే ఆలస్యం చేయకండి. మళ్ళీ చాడీల మీద ఇంకో ప్రసంగం మాత్రం ఆ సంవత్సరం పెట్టొద్దు, రెండోసారి చెప్తే ఎవరి కోసం చెప్తున్నారా అని వెతకడం మొదలవుతుంది. బుధవారం గృహ ప్రార్థనల్లో మనవులు చెప్పే తీరు గమనిస్తూ ఉండండి. ఎవరైనా పక్కింటి వాళ్ళ పేరు బదులు "నా ఇంట్లో" అని మొదలుపెట్టి మనవి చెప్తే, ఆ మనవిని ఆ రోజే, అందరికంటే ముందు ప్రార్థనలో పెట్టండి.